ఉగ్గాని మెసేజ్: ఒక ⏱️ గుర్తు కింది లైన్లోకి జారితే ఏమైందంటే

అనంతపురంలో మా షాపుకు నాలుగిళ్ల అవతల ఒక అక్క ఉగ్గాని బండి పెట్టుకుంది. ఉగ్గాని అంటే బొరుగులను, అంటే మరమరాలను, నానబెట్టి పిండి పోపులో కలిపి చేసే మా రాయలసీమ టిఫిన్. పొద్దున ఆరున్నరకు మొదలైతే పదింటికల్లా గిన్నె ఖాళీ. నాది డీటీపీ పని. పెళ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు చేస్తూ, కొన్నేళ్లుగా టిఫిన్ సెంటర్లకూ పచ్చళ్లు అమ్మేవాళ్లకూ ఫోన్లో పంపుకునే వంట మెసేజ్‌లు కూడా తయారుచేసి ఇస్తున్నాను. అక్క దగ్గర రోజూ తినే పిల్లలు చదువులకీ ఉద్యోగాలకీ బెంగళూరు పోతారు. పోయాక నెల తిరక్కుండానే ఫోన్ చేస్తారు: "అక్కా, ఉగ్గాని ఎట్ల చేయల్ల?" బండి దగ్గర జనం ఉండగా ఒక్కొక్కరికీ చెప్పలేక నా దగ్గరికొచ్చింది. "నువ్వు బొమ్మలు పెట్టి, ఫోన్లో సక్కగా కనపడేటట్ల రాసియ్యప్పా. ఒకసారి రాస్తే అందరికీ అదే పంపుతా."

ఆ మెసేజ్ రెండుసార్లు రాశాను. మొదటిది చూడ్డానికి చాలా బాగుంది, కానీ దాన్ని చూసి వండిన ముగ్గురిలో ఒక్కరికీ ఉగ్గాని కుదరలేదు. ఎక్కడ తప్పిందో పట్టుకోవడానికి నాకు పది రోజులు పట్టింది. ఇలాంటి మెసేజ్‌లు రాసేవాళ్లకు పనికొస్తుందని ఆ సంగతంతా ఇక్కడ పెడుతున్నాను.

మొదటిసారి అందరూ చేసే పద్ధతే నేనూ చేశాను. అక్క చెప్పింది చెప్పినట్టు రాసుకుని, ప్రతి సరుకు పక్కన దాని బొమ్మ, ప్రతి పని చివర ఒక గుర్తు పెట్టాను. సరుకుల భాగం ఇలా ఉండేది:

```
🍚 బొరుగులు
🥜 పుట్నాలు 🥄🥄🥄🥄
🥥 కొబ్బరి 🥄🥄
🌶️ మిర్చి 6
🫘 మినపప్పు 🥄
```

పనుల భాగంలో ముఖ్యమైన రెండు లైన్లు ఇవి:

```
4️⃣ ఉల్లిపాయలు, మిర్చి వేయించాలి 🔥 ⏱️ 5 ని.
5️⃣ బొరుగులు నీళ్లలో నానబెట్టి పిండాలి 💧
```

నా ఫోన్లో ఒక్కో పని ఒక్కో లైన్లో చక్కగా పట్టింది. అక్క చూసి మురిసిపోయి ముగ్గురికి పంపింది. ఒకరు బెంగళూరులో హాస్టల్ వదిలి గది తీసుకున్న కుర్రాడు. ఒకరు కర్నూలులో కొత్తగా కాపురం పెట్టిన అమ్మాయి. మూడోది మా అన్న కోడలు, ఇక్కడే సాయినగర్‌లో ఉంటుంది.

మూడు రోజుల్లో ముగ్గురి నుంచీ కబురొచ్చింది. కుర్రాడిది గంజిలాగా అయింది. కర్నూలు అమ్మాయిది తినేట్టు ఉంది గానీ అది ఉగ్గాని రుచి కాదు, పైగా నోరు మండిపోయింది. మా కోడలిది ముద్దయింది. అక్క నొచ్చుకుంది. "నేను సరిగ్గానే చెప్పినా కదప్పా" అంది. ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నేను పెట్టిన బొమ్మలు ఆమె మాటకు అడ్డం పడ్డాయని అప్పటికి నాకు తెలీదు.

కర్నూలు అమ్మాయితో మాట్లాడితే ముందుగా సరుకుల సంగతి తేలింది. ఆమె పుట్నాల బదులు బుడ్డలు, అంటే వేరుశనగపప్పు, వేయించి పొడి కొట్టింది. "పుట్నాలని రాసుంది కదమ్మా" అంటే "బొమ్మ బుడ్డలదే ఉంది కదన్నా, చూసి అదే అనుకున్నా" అంది. ఇంట్లో డబ్బా నిండా బుడ్డలున్నాయి, బొమ్మ చూడగానే చెయ్యి దాని మీదికే పోయింది. పుట్నాలకు ఎమోజీ లేదు. దగ్గరగా ఉందని నేను 🥜 పెట్టాను. మన జిల్లాల్లో ఆ బొమ్మను చూసి వేరుశనగ తప్ప ఇంకోటి ఎవరనుకుంటారు? పుట్నాల పొడి ఉగ్గానిలో రుచికి మాత్రమే కాదు, పిండాక బొరుగుల్లో మిగిలిన తడిని పీల్చుకుని గింజకు గింజ విడిపోయేలా చేస్తుంది. వేరుశనగ పొడిలో నూనె ఎక్కువ, అది ఆ తడిని అంతగా పీల్చదు. అందుకే ఆమె ఉగ్గాని జిడ్డుగా వచ్చింది.

మంట సంగతీ అలాంటిదే. 🌶️ బొమ్మలో మిరపకాయ ఎర్రగా ఉంటుంది. నేను "మిర్చి" అని మాత్రమే రాశాను. ఆమె ఆరు ఎండు మిరపకాయలు నూరి వేసింది. ఉగ్గానికి కావాల్సింది పచ్చిమిర్చి, దాంతోనే ఆ వాసన వస్తుంది. పచ్చిమిర్చికి ఎమోజీ లేదు, 🫑 పెడదామంటే అది బెంగళూరు మిరపకాయ. కొబ్బరిదీ అదే కథ. 🥥 అంటే పగలగొట్టిన పచ్చి టెంకాయ, లోపల తెల్లటి కండ కనిపిస్తుంది. అక్క వేసేది ఎండు కొబ్బరి. కుర్రాడు పచ్చి కొబ్బరి తురిమి పుట్నాలతో మిక్సీలో తిప్పాడు. అది పొడి కాలేదు, ముద్ద కట్టింది. తడి పీల్చాల్సిన పొడే తడిసిపోతే ఇంక బొరుగుల్ని ఏం ఆరబెడుతుంది?

ఈ మూడు చోట్లా పక్కన మాట ఉంది. అయినా వంట చేసేవాళ్లు బొమ్మనే చదివారు. వంటింట్లో ఫోను గట్టు మీద మూరెడు దూరంలో ఉంటుంది, ఒక కన్ను పొయ్యి మీద ఉంటుంది. ఆ దూరం నుంచి అక్షరం కంటే రంగు బొమ్మ ముందు కనిపిస్తుంది. బొమ్మ సరిగ్గా ఆ సరుకుదే అయితే మేలు. "దగ్గరగా ఉంది" అని పెట్టిన బొమ్మ మాత్రం మాటను తోసేసి వేరే సరుకును చేతికిస్తుంది. 🍚 కూడా అంతే, అది వండిన అన్నం గిన్నె. ఎవరూ అన్నం వేయలేదు గానీ కుర్రాడు "చద్దన్నం కూడా కలపాలా అక్కా?" అని ఫోన్ చేసి అడిగాడట.

స్పూన్ల బొమ్మలు కూడా పనికిరాలేదు. నాలుగు 🥄 వరసగా ఉంటే లెక్కపెట్టుకోవాలి, పైగా అది పెద్ద స్పూనో టీ స్పూనో బొమ్మలో తెలీదు. కుర్రాడు టీ స్పూన్లతో కొలిచాడు. దాంతో అతని పొడి మూడో వంతే పడింది.

ఇవన్నీ సరుకుల లోపాలు. మా కోడలు మాత్రం సరుకులన్నీ సరిగ్గానే వేసింది. అయినా ముద్దెందుకైంది? ఎంత అడిగినా "అట్లనే చేసినా చిన్నాయనా" అనే చెప్పింది. చివరికి ఒక ఆదివారం పొద్దున వాళ్లింటికే పోయి, వంటగది గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నా. "నేనేం మాట్లాడను, నువ్వు మెసేజ్ చూసి చెయ్యమ్మా" అన్నాను.

పోపు వేసేదాకా బాగానే సాగింది. ఉల్లిపాయలు వేసి ఫోను చూసింది. స్క్రీను ఆరిపోయి ఉంది. చేతులు తడి, వేలిముద్ర పట్టలేదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ తెరిచింది. మెసేజ్ మొదట్నుంచీ కనబడుతోంది, కింద `Read more` నొక్కాలి. నొక్కింది. తను ఎక్కడుందో వెతుక్కుంటూ పైకీ కిందికీ జరిపింది. తర్వాత గిన్నెలో నీళ్లు పోసి, బొరుగులు వేసి, గోడ గడియారం వైపు చూసింది.

"ఎందుకమ్మా గడియారం చూస్తున్నావు?"

"ఐదు నిమిషాలు నానబెట్టమని ఉంది కదా చిన్నాయనా."

ఫోను తీసుకుని చూశాను. ఆమె అక్షరాలు పెద్దవిగా పెట్టుకుంది, లైనుకు నాలుగైదు మాటలే పడుతున్నాయి. నా నాలుగో పని ఒక లైన్లో పట్టక విరిగింది. "ఉల్లిపాయలు, మిర్చి వేయించాలి 🔥" పైన ఆగిపోయింది. ⏱️ 5 ని. అన్నది కింది లైన్ మొదటికి జారింది. దాని కిందే, ఖాళీ లైను కూడా లేకుండా, "బొరుగులు నీళ్లలో నానబెట్టి" అని ఉంది. లైను మొదట బొమ్మ ఉంటే అది తర్వాత వచ్చే పనిదే అని ఎవరైనా అనుకుంటారు. ఉల్లిపాయలు వేగాల్సిన ఐదు నిమిషాలు ఆమె బొరుగులను నానబెట్టింది. ఐదు నిమిషాలు నీళ్లలో ఉన్న బొరుగుల్ని పిండితే చేతిలో మిగిలేది పిండిముద్దే.

నా ఫోన్లో అక్షరాలు చిన్నవి కాబట్టి ఇది నాకెప్పుడూ కనబడలేదు. ఇప్పుడు ఏ మెసేజ్ పంపేముందైనా ఫోన్ సెట్టింగుల్లో అక్షరాల సైజు అన్నిటికంటే పెద్దది చేసి ఒకసారి చదువుతాను. లైను ఎక్కడ విరుగుతుందో మన చేతిలో లేదు, చదివేవాళ్ల ఫోన్ చేతిలో ఉంది. అందుకని గుర్తు ఎప్పుడూ పని మొదట్లోనే ఉండాలి, చివర ఉండకూడదు. టైము బొమ్మగా విడిగా పెట్టకూడదు, వాక్యం లోపల మాటల్లో ఉండాలి. పనికీ పనికీ మధ్య ఒక ఖాళీ లైను వదలాలి.

ఆ ఉదయం ఇంకొకటి కూడా తెలిసింది. అక్క దగ్గరికి తిరిగిపోయి "బొరుగులు ఎంతసేపు నానబెడతావక్కా?" అని అడిగితే ఆమెకు నిమిషాల్లో చెప్పడం రాలేదు. బండి దగ్గర నిలబడి చూశాను. పోపు పూర్తిగా తయారయ్యాకే ఆమె బొరుగులు నీళ్లలో పోస్తుంది. పైకి తేలిన వాటిని అరచేత్తో ముంచుతుంది. ఒక గింజ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతుంది. పైన మెత్తగా ఉండి మధ్యలో కొంచెం పలుకు తగిలితే, వెంటనే రెండు చేతుల్తో పిండి పోపులో వేస్తుంది. ఇక్కడి మందపు బొరుగులకు ఒకటి రెండు నిమిషాలు పట్టింది. బెంగళూరు అంగళ్లలో దొరికే పల్చటి రకం ముంచి తీస్తే చాలు. అంటే ఈ పనికి నిమిషాలు రాస్తే ఎవరో ఒకరికి తప్పుతుంది. ఇక్కడ గడియారం గుర్తు పెట్టకూడదు, గింజ గుర్తు చెప్పాలి.

దీన్ని చూశాకే మెసేజ్ మళ్లీ మొదట్నుంచీ రాశాను. ఈసారి ఎమోజీని సరుకు బొమ్మగా వాడలేదు. ఆ సరుకు ఏ పనిలో పడుతుందో చెప్పే గుర్తుగా వాడాను. 🥣 అంటే పొడి, 🔥 అంటే పోపు, 💧 అంటే నానబెట్టడం, 🍋 అంటే చివర్లో. సరుకుల చీటీలో ఏ గుంపుకు ఏ గుర్తు ఉందో, చేసే విధానంలోనూ అదే గుర్తు. మధ్యలో ఫోను ఆరిపోయి మళ్లీ తెరిచినా, "నేను 🔥 దగ్గరున్నాను" అని కన్ను వెంటనే అక్కడికి పోతుంది. `Read more` బాధ తగ్గడానికి ఒకే పెద్ద మెసేజ్‌ను రెండుగా విడగొట్టాను. అంగడికి పోయేటప్పుడు మొదటిది, పొయ్యి దగ్గర రెండోది.

వాట్సాప్‌లో పంపిన మొదటి మెసేజ్:

```
*ఉగ్గాని – నలుగురికి*
🛒 సరుకులు

🥣 *పొడికి*
పుట్నాలు – 4 పెద్ద స్పూన్లు
ఎండు కొబ్బరి తురుము – 2 పెద్ద స్పూన్లు
వెల్లుల్లి – 4 రెబ్బలు

🔥 *పోపుకి*
నూనె – 4 పెద్ద స్పూన్లు
ఆవాలు – అర టీ స్పూను
జీలకర్ర – అర టీ స్పూను
పచ్చి శనగపప్పు – 2 టీ స్పూన్లు
మినపప్పు – 1 టీ స్పూను
కరివేపాకు – 2 రెమ్మలు
ఆకుపచ్చ మిరపకాయలు – 6, నూరినవి
ఉల్లిపాయలు – 2
టమోటా – 1
పసుపు – అర టీ స్పూను
ఉప్పు – అర టీ స్పూను

💧 *నానబెట్టడానికి*
బొరుగులు – 200 గ్రాములు
(సుమారు 3 లీటర్ల గిన్నె నిండా)

🍋 *చివర్లో*
నిమ్మకాయ – 1
కొత్తిమీర – గుప్పెడు
```

రెండోది:

```
*ఉగ్గాని – చేసే విధానం*

1. 🥣 పుట్నాలు, కొబ్బరి, వెల్లుల్లి మిక్సీలో పొడి కొట్టండి. నీళ్లు వద్దు.

2. 🔥 నూనె కాగాక ఆవాలు, జీలకర్ర, పప్పులు, కరివేపాకు వేయండి. పప్పులు ఎర్రబడాలి.

3. 🔥 మిర్చి ముద్ద, ఉల్లిపాయ వేసి 5 నిమిషాలు వేయించండి. ఉల్లిపాయ మెత్తబడితే చాలు.

4. 🔥 టమోటా, పసుపు, ఉప్పు వేసి మగ్గనివ్వండి. స్టవ్ సిమ్‌లో పెట్టండి.

5. 💧 *ఇప్పుడే* బొరుగులు నీళ్లలో వేసి చేత్తో ముంచండి. ఒక గింజ నొక్కండి. పైన మెత్తగా, మధ్యలో కొంచెం పలుకు ఉంటే చాలు.

6. 💧 వెంటనే గుప్పెడు గుప్పెడు గట్టిగా పిండి పోపులో వేయండి.

7. 🥣 పొడి చల్లి, కింది నుంచి పైకి 2 నిమిషాలు కలపండి.

8. 🍋 స్టవ్ ఆపి నిమ్మరసం, కొత్తిమీర కలపండి. ఉప్పు రుచి చూసి, చాలకపోతేనే వేయండి.
```

ఉప్పు అర టీ స్పూనే రాయడానికి కారణం ఉంది. బొరుగులు వేయించే ముందే బియ్యానికి ఉప్పు పట్టిస్తారు. ఒక్కో చోట బొరుగుల్లో ఉప్పు ఒక్కోలా ఉంటుంది, నానబెట్టి పిండితే కొంత నీళ్లలో పోతుంది. ఎంత మిగిలిందో తిని చూస్తేనే తెలుస్తుంది. నిమ్మరసం స్టవ్ ఆపాకే వేయమనడం చేదు రాకుండా. ఎనిమిదో పనిలో "స్టవ్ ఆపి" అన్న మాట నిమ్మరసం కంటే ముందు రాశానని గమనించండి. చదువుతూనే చేతులు కదులుతుంటాయి కాబట్టి ముందు చేసే పని వాక్యంలోనూ ముందే రావాలి. "నిమ్మరసం వేయండి, అంతకుముందు స్టవ్ ఆపండి" అని రాస్తే ఆ రెండో సగం చదివేలోపు నిమ్మకాయ పిండేసి ఉంటారు.

గుర్తుల గురించి పనిలో తేలిన కొన్ని సంగతులు చెప్పాలి. 1️⃣ లాంటి డబ్బా అంకెలు తీసేసి మామూలు అంకెలు పెట్టాను. ఆ గుర్తు నిజానికి ఒకటి కాదు, మూడు అక్షరాలు కలిసింది: `1`, `U+FE0F`, `U+20E3`. మా కోడలు మెసేజ్‌ను కాపీ చేసి పాత ఫోన్లో నోట్స్‌లో పెట్టుకుంటే అంకె పక్కన ఖాళీ గడి వచ్చింది. అదే ఫోన్లో మినపప్పు పక్కన పెట్టిన 🫘 కూడా ఉత్త గడిగానే కనిపించింది. ఆ గింజల బొమ్మ 2021లో వచ్చింది, అంతకంటే పాత సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోన్లకు అది తెలీదు. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ తన బొమ్మలు తానే గీసుకుంటుంది కాబట్టి అక్కడ కనిపిస్తుంది, బయటికి కాపీ చేయగానే మాయమవుతుంది. పంపే ముందు నాకు ఈ తేడా తెలిసే అవకాశమే లేదు, ఎందుకంటే నేను వాట్సాప్‌లోనే చూసుకున్నాను. ఇప్పుడు వాడిన 🔥 💧 🍋 చాలా పాతవి. 🛒 2016ది, 🥣 2017ది. ఈ ఐదూ ఇప్పుడు వాడకంలో ఉన్న ఫోన్లలో దాదాపు అన్నిటిలోనూ వస్తాయి.

లావు అక్షరాల కోసం రెండు వైపులా * పెట్టాం కదా, దానికీ మాటకీ మధ్య ఖాళీ ఉండకూడదు. లైను మొదట * పెట్టి ఖాళీ వదిలితే వాట్సాప్ దాన్ని చుక్కల జాబితా అనుకుంటుంది. తెలుగులో లావు అక్షరాలు ఎక్కువ వాడకపోవడమే మంచిది. చిన్న స్క్రీన్ మీద "ఉల్లి", "మిర్చి" లాంటి మాటల్లో కింది ఒత్తులు లావెక్కి ఒకదానికొకటి అంటుకుపోతాయి. అందుకే శీర్షికలకూ, ఐదో పనిలో "ఇప్పుడే" అన్న ఒక్క మాటకూ మాత్రమే పెట్టాను. అంతటా లావుగా ఉంటే ఆ ఒక్క మాట కనబడేది కాదు.

మూడు 🔥 లు వరసగా పెట్టే అలవాటు కూడా మానేశాను. అక్క వాళ్ల అమ్మకు చూపు తక్కువ, ఆమె ఫోనే మెసేజ్‌లను చదివి వినిపిస్తుంది. ప్రతి బొమ్మకూ పేరు చెప్తుంది. అలంకారానికి పెట్టిన ఒక్కో బొమ్మకూ ఆమె ఒక్కో అనవసరమైన మాట వినాల్సి వస్తోంది. లైనుకు ఒకే గుర్తు ఉంటే "గిన్నె" అనో "నిమ్మకాయ" అనో ఒక మాట విని, పని వింటుంది.

తిరగరాసిన ఈ రెండు మెసేజ్‌లూ అదే ముగ్గురికి పంపాము. కర్నూలు అమ్మాయిది మొదటిసారికే కుదిరింది. మా కోడలి దగ్గర మళ్లీ గుమ్మంలో కూర్చున్నాను. ఈసారి గడియారం చూడలేదు. గింజ నొక్కింది, ఇంకొకటి తీసి నొక్కింది, "ఇంక చాలు" అని తనకు తానే అనుకుని పిండడం మొదలుపెట్టింది. ఫోను మధ్యలో రెండుసార్లు ఆరిపోయింది, రెండుసార్లూ తెరిచి చూపుడువేలు నేరుగా 💧 మీదే పెట్టింది. విడివిడిగా, పచ్చగా వచ్చింది.

బెంగళూరు కుర్రాడిది మాత్రం ఈసారి కూడా కొంచెం తడిగా వచ్చింది. వీడియో కాల్‌లో చూపించమన్నాను. గింజ సరిగ్గానే నొక్కాడు. పిండే దగ్గర మెల్లగా, పువ్వుల్ని నొక్కినట్టు నొక్కాడు. "నలిగిపోతాయేమో అక్కా" అన్నాడు. అక్క పక్కనుంచి "గట్టిగా పిండు నాయనా, బట్టలు పిండినట్ల! పలుకుండంగ యాడ నలిగిపోతాయి?" అంది. మెసేజ్‌లో "గట్టిగా" అని ఉంది, కానీ ఎంత గట్టిగా అన్నది ఆ మాటలో అతనికి అందలేదు. ఆ బలం చెప్పే ఎమోజీ ఏదీ లేదు. ఆరో పనిలో ఇప్పుడు అక్క మాటే పెట్టాను: "బట్టలు పిండినట్టు పిండి". తడి ఇంకా ఉందనిపిస్తే ఏడో పనిలో ఒక స్పూను పుట్నాల పొడి అదనంగా చల్లుకోవచ్చని కూడా చేర్చాను.

ఉగ్గానికి తోడు మిరపకాయ బజ్జీ లేకపోతే ఎట్లా, దానికీ ఒక మెసేజ్ చేయమని అక్క అడుగుతోంది. అక్కడ పిండి జారుడు, నూనె కాక, రెండూ చూసి తెలుసుకోవాల్సినవే. వచ్చే ఆదివారం ఆమె బండి దగ్గర నిలబడి, పిండి చుక్క నూనెలో వేసినప్పుడు అది ఎంతసేపటికి పైకి తేలుతుందో, తేలేటప్పుడు ఎలా చిటపటలాడుతుందో చూసి రాసుకోవాలి.